లేబుల్ మీద కనపడని ఒక శాతం గీత

ప్రశ్న: నాది బాగా పొడిబారే చర్మం. రెండు మాయిశ్చరైజర్లు చూసి పెట్టుకున్నాను. రెండింటి మీదా సెరమైడ్లు, హైలురానిక్ యాసిడ్, షియా బటర్ అని పెద్దక్షరాల్లో ఉంది. వెనక లిస్టు చూస్తే మొదటిదాంట్లో సెరమైడ్ తొమ్మిదో పేరు, రెండోదాంట్లో పద్నాలుగో పేరు. ముందు రాసింది ఎక్కువ ఉంటుందంటారు కదా, అంటే మొదటిదే తీసుకోవాలా?

మొదటిది: ఆక్వా, గ్లిజరిన్, కాప్రిలిక్/కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, సెటియరిల్ ఆల్కహాల్, గ్లిసరిల్ స్టియరేట్, పీఈజీ-100 స్టియరేట్, ఫినాక్సీఇథనాల్, బ్యూటిరోస్పెర్మమ్ పార్కీ బటర్, సెరమైడ్ ఎన్‌పీ, సోడియం హైలురానేట్, కామొమైల్ పువ్వుల ఎక్స్‌ట్రాక్ట్, గ్జాంథన్ గమ్, డైసోడియం ఈడీటీఏ, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్, పర్‌ఫ్యూమ్, లినలూల్, లిమోనీన్.

రెండోది: ఆక్వా, గ్లిజరిన్, పెట్రోలేటమ్, సెటియరిల్ ఆల్కహాల్, డైమెథికోన్, బ్యూటిరోస్పెర్మమ్ పార్కీ బటర్, గ్లిసరిల్ స్టియరేట్, పీఈజీ-100 స్టియరేట్, గ్జాంథన్ గమ్, కార్బోమర్, సోడియం లారోయిల్ లాక్టిలేట్, కొలెస్టరాల్, ఫైటోస్ఫింగోసిన్, సెరమైడ్ ఎన్‌పీ, సెరమైడ్ ఏపీ, సెరమైడ్ ఈఓపీ, సోడియం హైడ్రాక్సైడ్, సోడియం హైలురానేట్, ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్.

సమాధానం:

మీ చర్మానికైతే నేను రెండోదే తీసుకోమంటాను. కానీ సెరమైడ్ ఎన్నో పేరు అన్న లెక్కతో కాదు. ఆ తొమ్మిదికీ ఈ పద్నాలుగుకీ మధ్య తేడా ఏమీ లేదు. ఎందుకు లేదో అర్థమైతే ఇకమీదట ఏ లేబుల్ అయినా మీరే చదివేసుకోవచ్చు. క్రీములు తయారుచేసే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, లేబుల్ లిస్టులు కూడా నా చేత్తో రాసినవే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

ముందు రాసింది ఎక్కువ ఉంటుంది అన్న మాట సగం వరకే నిజం. యూరప్ కాస్మెటిక్స్ చట్టం, అంటే 2009లో వచ్చిన 1223 నంబరు నిబంధన, ఏం చెప్తుందంటే: పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. అయితే ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని, మిగతావన్నీ అయ్యాక, ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అమెరికాలోనూ, మన దగ్గర 2020 కాస్మెటిక్స్ రూల్స్‌లోనూ పద్ధతి దాదాపు ఇదే. కాబట్టి ప్రతి లిస్టులోనూ ఎక్కడో ఒకచోట కంటికి కనపడని గీత ఒకటి ఉంటుంది. గీతకి పైన వరస నిజం చెప్తుంది. గీత దాటాక ఆ వరస కంపెనీ ఇష్టం.

ఆ ఇష్టం ఎలా ఉంటుందో ఒక ముచ్చట చెప్తాను. నేను పనిచేసిన ఒకచోట ఒక క్రీములో పువ్వుల ఎక్స్‌ట్రాక్ట్ వేసేవాళ్లం, 0.02 శాతం. అంటే టన్ను క్రీము బ్యాచ్‌కి 200 గ్రాములు. డబ్బా మీద మాత్రం బొమ్మ ఆ పువ్వుదే. నేను రాసిచ్చిన లిస్టులో దాని పేరు చివరి నుంచి రెండోది. మార్కెటింగ్‌వాళ్లు చూసి, దీన్ని పైకి తేలేమా అన్నారు. తేవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. దాంతో నీటినీ నూనెనీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్ పేరు అవ్వగానే, ఏడో స్థానంలో ఆ పువ్వు వచ్చి కూర్చుంది. ఫార్ములాలో ఒక్క గ్రాము మారలేదు. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. కానీ చదివేవాళ్లకి ఏడో స్థానం అనగానే ఎంతో కొంత ఉందనే అనిపిస్తుంది.

సరే, మరి గీత ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి? ఎప్పుడూ ఒక శాతం దాటని పదార్థాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి ఎక్కడ కనిపిస్తే, దాని తర్వాత ఉన్నవన్నీ ఒక శాతమో అంతకంటే తక్కువో అని ధైర్యంగా చెప్పొచ్చు. అన్నిట్లోకీ నమ్మకమైన గుర్తు ఫినాక్సీఇథనాల్. అది ప్రిజర్వేటివ్, క్రీము పాడవకుండా వేసేది. యూరప్ చట్టంలో దానికి గరిష్ఠ పరిమితి 1 శాతం, మిగతా దేశాల కంపెనీలు కూడా మామూలుగా ఆ హద్దులోనే ఉంటాయి. దాని తర్వాత రాసిన ఏ పదార్థమైనా ఒక శాతం దాటి ఉంటే, చట్టప్రకారం దాన్ని ఫినాక్సీఇథనాల్ కంటే ముందే రాసి ఉండాలి.

ఇప్పుడు మీ మొదటి క్రీము చూడండి. ఫినాక్సీఇథనాల్ ఏడో పేరు. షియా బటర్, అదే బ్యూటిరోస్పెర్మమ్ పార్కీ అని రాసింది, ఎనిమిదో పేరు. డబ్బా ముందు పెద్దక్షరాల్లో ఉన్న షియా బటర్ లోపల ఒక శాతం కూడా దాటదని ఆ ఒక్క లేబులే ఒప్పుకుంటోంది. 50 గ్రాముల డబ్బాలో మహా అయితే అర గ్రాము, బహుశా అంతకన్నా తక్కువే. సెరమైడ్, హైలురానిక్ యాసిడ్ లవణమైన సోడియం హైలురానేట్, కామొమైల్ కూడా గీత కిందవే. తొమ్మిదో స్థానం అన్న మాటకి అక్కడ విలువ లేదు. ఆ సెరమైడ్ 0.5 శాతం ఉండొచ్చు, 0.001 శాతమూ ఉండొచ్చు, రెండు రకాలుగానూ లిస్టు ఇలాగే కనిపిస్తుంది.

ఈ కంపెనీ ఫినాక్సీఇథనాల్‌ని అంత ముందుకి రాయడం నాకు నచ్చింది. చాలామంది దాన్ని లిస్టు చివరికి తోసేస్తారు. అలా తోసేసినా తప్పు లేదు, అది కూడా గీత కిందదే కాబట్టి. మీ రెండో క్రీములో జరిగింది అదే. అక్కడ ఫినాక్సీఇథనాల్ చివరి నుంచి రెండో పేరు. దాన్నే గుర్తుగా పెట్టుకుంటే పైనున్న 18 పదార్థాలూ ఒక శాతం దాటినట్టే అనుకుని మోసపోతాం. ఫినాక్సీఇథనాల్ తర్వాతవి తక్కువ అనడం ఖాయమే కానీ, దానికి ముందున్నవన్నీ ఎక్కువ అనడానికి లేదు. చాలామంది తిరగేసి చదివేది ఇక్కడే.

అలాంటప్పుడు పై నుంచి కిందికి వస్తూ, ఎప్పుడూ తక్కువే వేసే పదార్థం మొదట ఎక్కడ ఎదురవుతుందో చూడాలి. రెండో క్రీములో అది గ్జాంథన్ గమ్, తొమ్మిదో పేరు. గ్జాంథన్ గమ్ చిక్కదనం కోసం వేసే బంక. వంద గ్రాముల నీళ్లలో ఒక్క గ్రాము కలిపి చూస్తే తెలుస్తుంది, గరిటె ఎత్తితే బెండకాయ జిగురులా తీగ సాగుతుంది. క్రీములో అంత వేస్తే మొహం మీద జారుతూ, ఆరాక పొట్టులా రాలుతుంది. అందుకే 0.2, 0.3 శాతం దగ్గరే ఆపేస్తాం. కార్బోమర్ కూడా అలాంటిదే. డైసోడియం ఈడీటీఏ అయితే 0.1 శాతం చుట్టూనే. వీటికి ఫినాక్సీఇథనాల్‌కి ఉన్నట్టు చట్టం పెట్టిన హద్దు ఏమీ ఉండదు. కానీ అంతకు మించి వేస్తే క్రీము క్రీములా ఉండదు, లేదా వేసీ లాభం ఉండదు కాబట్టి గుర్తుగా బాగానే పనికొస్తాయి.

అంటే రెండో క్రీములో గీత ఎనిమిదో పేరు దగ్గరో, ఇంకొంచెం పైనో ఉంది. సెరమైడ్లు ఇక్కడా గీత కిందే. మొదటిదాంట్లో తొమ్మిదో స్థానం, రెండోదాంట్లో పద్నాలుగో స్థానం, రెండూ ఇష్టమొచ్చినట్టు రాసుకునే చోటే కాబట్టి వాటిని పోల్చి లాభం లేదు. పోల్చాల్సింది గీత పైన ఉన్నవాటిని.

మొదటిదాంట్లో గీత పైన ఉన్నవి ఆరు. నీళ్లు, గ్లిజరిన్, ఒక తేలికపాటి నూనె, మైనంలాంటి సెటియరిల్ ఆల్కహాల్, ఆ తర్వాత నీటినీ నూనెనీ కలిపి ఉంచే రెండు ఎమల్సిఫయర్లు. అంతే, క్రీము మొత్తం ఇదే. సెటియరిల్ ఆల్కహాల్ అన్న పేరు చూసి భయపడకండి, అది చర్మాన్ని ఎండగట్టే స్పిరిట్ కాదు, గట్టిగా తెల్లగా ఉండే కొవ్వు పదార్థం. ఎండగట్టేది ఆల్కహాల్ డెనాట్ అని రాసి ఉంటుంది. అది మొదటి నాలుగైదు పేర్లలో కనిపిస్తే పొడి చర్మంవాళ్లు ఆ క్రీము పక్కన పెట్టేయడమే మంచిది.

రెండోదాంట్లో మూడో పేరు పెట్రోలేటమ్, అంటే వాసెలిన్ లాంటిది, ఐదోది డైమెథికోన్ అనే సిలికోన్, ఆరోది షియా బటర్. ఈ తేడానే మీకు కావాల్సింది. పొడి చర్మానికి రెండు పనులు జరగాలి: నీటిని పట్టి ఉంచేది ఒకటి కావాలి, ఆ నీరు ఆవిరై పోకుండా మీద మూత వేసేది ఇంకొకటి కావాలి. పట్టి ఉంచే పని గ్లిజరిన్ చేస్తుంది, అది రెండింట్లోనూ రెండో స్థానంలోనే ఉంది. మూత వేయడంలో పెట్రోలేటమ్‌ని మించింది దాదాపు లేదు. మొదటి క్రీములో ఉన్న కాప్రిలిక్/కాప్రిక్ ట్రైగ్లిజరైడ్ కొబ్బరి నూనె లాంటివాటి నుంచి వచ్చే పల్చటి నూనె. రాసుకోగానే మెత్తగా హాయిగా ఉంటుంది కానీ మూతగా అది అంతంత మాత్రమే. జిడ్డు చర్మం ఉన్నవాళ్లు ఇదే ప్రశ్న అడిగి ఉంటే మొదటి క్రీమే తీసుకోమనేవాణ్ణి.

ఇక్కడ ఇంకో సంగతి. షియా బటర్ రెండింట్లోనూ ఉంది, రెండు డబ్బాల ముందూ ఒకేలా రాసి ఉంది. కానీ ఒకదాంట్లో ఫినాక్సీఇథనాల్ తర్వాత, ఇంకోదాంట్లో ఎమల్సిఫయర్లకి ముందు. గ్లిసరిల్ స్టియరేట్, పీఈజీ-100 స్టియరేట్ ఇద్దరూ అన్నదమ్ముల్లాంటివాళ్లు. చాలాసార్లు రెండూ కలిపిన ఒకే రకం తెల్లటి పలుకులుగా సంచుల్లో వస్తాయి, వాడేది మొత్తమ్మీద రెండు నుంచి ఐదు శాతం దాకా. అంటే ఒక్కోటీ ఒక శాతమో, రెండున్నరో. వాటికి ముందున్న షియా కనీసం ఆ మాత్రమైనా ఉండాలి. ఇది లేబుల్ నుంచి ఊహించిందే కానీ చాలావరకు నమ్మదగిన ఊహ.

ఇలా ఊహించడానికి కూడా ఒక హద్దు ఉంది. లిస్టు వరసనే చెప్తుంది, పరిమాణం చెప్పదు. మీ మొదటి క్రీముకే నేను రెండు ఫార్ములాలు రాసిస్తాను చూడండి. ఒకదాంట్లో వంద గ్రాములకి గ్లిజరిన్ 6, నూనె 5, సెటియరిల్ ఆల్కహాల్ 3, ఎమల్సిఫయర్లు ఒక్కోటి ఒకటిన్నర గ్రాములు. గీత కిందవన్నీ కలిపి రెండు గ్రాముల పైచిలుకు. మిగతా 80 గ్రాములూ నీళ్లే. రెండోదాంట్లో గ్లిజరిన్ 12, నూనె 10, సెటియరిల్ ఆల్కహాల్ 4, ఎమల్సిఫయర్లు ఒక్కోటి 2 గ్రాములు. నీళ్లు 67, 68 దగ్గరకి వస్తాయి. ఈ రెండింటికీ లేబుల్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కానీ మొదటిది లోషన్‌లా పల్చగా ఉండి రాయగానే ఇంకిపోతుంది. రెండోది గట్టిగా ఉంటుంది, గ్లిజరిన్ ఎక్కువవడం వల్ల రాసుకున్నాక కాసేపు వేళ్లకి బంకగా తగులుతుంది. ఒక పొడి చర్మానికి ఈ రెండూ ఒకేలా పనిచేయవు. అందుకే లిస్టు ఒకటే కాబట్టి తక్కువ ధరది కొనేశాను, రెండూ ఒకటే కదా అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఒక్కోసారి కంపెనీయే మనకి కొలబద్ద చేతికిస్తుంది. డబ్బా మీద నియాసినమైడ్ 5 శాతం అనో, యూరియా 10 శాతం అనో అంకె వేసి ఉంటే లిస్టులో దాని పేరు ఎక్కడుందో వెతకండి. దానికి ముందున్నవన్నీ ఆ అంకె కంటే తక్కువ ఉండవు, తర్వాతవి ఆ అంకెని దాటవు. నియాసినమైడ్ 5 శాతం అని చెప్పి, లిస్టులో దాని ముందు నీళ్లు, గ్లిజరిన్, ఒక నూనె ఉన్నాయనుకోండి, గ్లిజరిన్, నూనె రెండూ ఐదేసి శాతం తగ్గవని రాసిచ్చినట్టే. అదే 5 శాతం అని చెప్పి పేరు మాత్రం గ్జాంథన్ గమ్ వెనక కనిపిస్తే ఏదో తేడా ఉంది. అది ఎక్కువసార్లు ఇలా బయటపడుతుంది: 5 శాతం అన్నది ఆ పదార్థం కాదు, దాన్ని కలిపిన ద్రావణం. హైలురానిక్ యాసిడ్ విషయంలో ఇది మరీ ఎక్కువ. సరఫరాదారులు దాన్ని ఒక శాతం ద్రావణంగా కూడా అమ్ముతారు, అంటే 99 పాళ్లు నీళ్లే. ఆ ద్రావణం 10 శాతం వేస్తే లోపల ఉండే అసలు పదార్థం 0.1 శాతం. డబ్బా మీద మాత్రం 10 శాతం హైలురానిక్ కాంప్లెక్స్ అని వస్తుంది. కాంప్లెక్స్, సొల్యూషన్, బ్లెండ్ అన్న మాటలు అంకె పక్కన కనిపిస్తే లిస్టు వైపు ఒకసారి చూడండి.

అలాగని గీత కింద ఉన్నదంతా మోసం అనుకోకండి. ఈ తప్పు కూడా చాలామంది చేస్తారు. సోడియం హైలురానేట్‌నే తీసుకుందాం. అణువు పెద్దగా ఉండే రకం ఒక గ్రాము వంద గ్రాముల నీళ్లలో వేసి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి చిక్కటి జెల్లీ అవుతుంది. మొదటిసారి చేసినప్పుడు నేను పొడి అంతా ఒకేసారి గుమ్మరించాను, పైన ఉండలు కట్టి, లోపల పొడి పొడిగానే మిగిలింది, గంటల తరబడి కలిపినా విడలేదు. అంత తక్కువకే అంత చిక్కబడే పదార్థాన్ని క్రీములో ఒక శాతం ఎవరూ వేయరు, 0.1 శాతం దగ్గర వేస్తారు. అది లిస్టు చివర ఉండటం సహజమే. రెటినాల్ కూడా అంతే, యూరప్ 2024లో మొహానికి రాసే క్రీముల్లో దానికి పెట్టిన హద్దే 0.3 శాతం. అంటే ఆ లిస్టులో రెటినాల్ ఎప్పుడూ గీత కిందే ఉండాలి, అయినా అది గట్టిగా పనిచేస్తుంది.

అలర్జీ ఉన్నవాళ్లకైతే గీత లెక్క అసలు పనికిరాదు. మిథైల్‌ఐసోథియాజొలినోన్ అని ఒక ప్రిజర్వేటివ్ ఉండేది. యూరప్‌లో దానికి అనుమతించిన గరిష్ఠం 0.01 శాతం, అంటే వంద గ్రాముల క్రీములో పది మిల్లీగ్రాములు. లిస్టులో మామూలుగా చివర ఉండే పేరు. అయినా దానివల్ల ఎంతమందికి చర్మం ఎర్రబడి దద్దుర్లు వచ్చాయంటే, కడిగేయకుండా ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో దాన్ని 2017 నుంచి యూరప్ నిషేధించింది. మీ మొదటి క్రీములో చివర లినలూల్, లిమోనీన్ ఉన్నాయి కదా, అవి విడిగా వేసినవి కావు, పర్‌ఫ్యూమ్‌లో భాగంగా వచ్చినవి. అలర్జీ తెప్పించే కొన్ని సువాసన పదార్థాలు ఒంటి మీద ఉంచుకునే క్రీములో 0.001 శాతం దాటితే పేరు పెట్టి చెప్పాలన్నది యూరప్ రూలు, అందుకే అవి కనిపిస్తున్నాయి. సువాసన పడని చర్మమైతే అవి చివర ఉన్నాయి కదా అని సరిపెట్టుకోకూడదు. ఉన్నాయా లేవా అన్నదే చూడాలి. రెండో క్రీములో పర్‌ఫ్యూమే లేదు, పొడిబారి పగిలే చర్మానికి అది ఇంకో మంచి కారణం.

ఇక సెరమైడ్లు. వరస చూసి వాటి గురించి ఏమీ చెప్పలేమన్నాను కానీ, పక్కన ఎవరున్నారో చూస్తే కొంత తెలుస్తుంది. సెరమైడ్ మైనంలాంటి పొడి. నీళ్లలో కరగదు, నూనెలో కూడా బాగా వేడిచేస్తే గానీ కరగదు. వేడిలో కరిగించి వేసినా, చల్లారాక మళ్లీ గడ్డకట్టే గుణం ఉంది. డబ్బా తెరిచిన కొన్నాళ్లకి క్రీము వేళ్ల మధ్య రుద్దితే సన్నటి ఇసకలా తగులుతుంటే, ఇలాంటిదేదో విడిపోయి గడ్డకట్టిందని అనుమానించొచ్చు. ఈ తలనొప్పి లేకుండా చాలా కంపెనీలు ముందే చెదరగొట్టి సిద్ధం చేసిన సెరమైడ్ మిశ్రమం కొని నీళ్ల పాళ్లలో కలిపేస్తాయి. ఆ మిశ్రమం లేబుల్ మీద ఒక్క పేరుగా రాదు, అందులో ఏమేం ఉన్నాయో అన్నీ విడగొట్టి రాయాలి. మీ రెండో లిస్టులో సోడియం లారోయిల్ లాక్టిలేట్, కొలెస్టరాల్, ఫైటోస్ఫింగోసిన్, మూడు రకాల సెరమైడ్లు, పక్కనే కార్బోమర్, గ్జాంథన్ గమ్. ఈ గుంపు మొత్తం ఒకే మిశ్రమం లోంచి వచ్చిన కుటుంబంలా ఉంది. చర్మం పై పొరలో కణాల మధ్య సహజంగా ఉండేవి కూడా సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలే కాబట్టి ఆ కూర్పు తెలిసి చేసిందని చెప్పొచ్చు. మొదటి క్రీములో సెరమైడ్ ఎన్‌పీ ఒంటరిగా ఉంది, కొలెస్టరాల్ జాడ లేదు. పేరు కోసం చిటికెడు వేసి ఉంటారని నా అనుమానం, రుజువైతే లేదు. రెండోదాంట్లో ఎంత వేశారన్నది కూడా లేబుల్ నుంచి తెలియదు. ఆ మిశ్రమంలో ఎక్కువ భాగం నీళ్లే ఉంటాయి కాబట్టి, సెరమైడ్ల మొత్తం పెద్దగా ఉంటుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు.

కామొమైల్ గురించి ఒక్క మాట. ఎక్స్‌ట్రాక్ట్ అంటే మామూలుగా నీళ్లలోనో గ్లిజరిన్‌లోనో నానబెట్టి తీసిన కషాయం. మూడు గ్రాములు వేసినా అందులో పువ్వు సారం కొన్ని పదుల మిల్లీగ్రాములే ఉండొచ్చు. మీ లిస్టులో దాన్ని గ్జాంథన్ గమ్‌కి ముందు రాశారంటే నా పాత మార్కెటింగ్ మిత్రులు గుర్తొచ్చారు.

ఈ లెక్కంతా పనిచేయని లేబుళ్లు కూడా కొన్ని ఉన్నాయి. అమెరికాలో సన్‌స్క్రీన్ గుణం ఉన్న మాయిశ్చరైజర్లని మందుల కింద లెక్కేస్తారు. వాటి మీద ఎండని ఆపే పదార్థాలు శాతంతో సహా పైన విడిగా ఉంటాయి, మిగతావన్నీ చాలాసార్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయి. నీళ్ల పేరు లిస్టులో మొదటగా కాకుండా చివరికి వెళ్లిపోయి కనిపిస్తే, అది అక్షరక్రమం లిస్టని గుర్తుపట్టండి. అక్కడ వరస చూసి ఏమీ తేల్చకూడదు.

ఇంకోటి, నూనెలు ఎక్కువ రకాలున్న లిస్టులో ఒక్కో నూనెనీ విడిగా చూసి తక్కువ ఉందనుకోవద్దు. ఐదు రకాల నూనెలు ఒక్కోటీ ఒకటిన్నర శాతం వేస్తే ప్రతి పేరూ కిందికి జారిపోతుంది, కానీ కలిపి చూస్తే ఏడున్నర శాతం. పట్టి ఉంచేవి ఒక గుంపు, మూత వేసేవి ఒక గుంపు, కలిపి ఉంచేవి ఒక గుంపు అనుకుని గీత దాకా చదివితే క్రీము స్వభావం తెలిసిపోతుంది.

రెండోది కొన్నాక దాని లిస్టు ఫోటో తీసి పెట్టుకోండి. డబ్బా రంగూ పేరూ మారకుండానే లోపలి ఫార్ములా మార్చడం మామూలే. మళ్లీ కొనేటప్పుడు పాత ఫోటోతో పోల్చి, మొదటి ఎనిమిది పేర్లు మాత్రం చూడండి. పెట్రోలేటమ్ మూడో చోటు నుంచి ఆరుకో ఏడుకో జారినా, షియా బటర్ వెళ్లి గ్జాంథన్ గమ్ వెనక చేరినా, అది మీరు వాడి అలవాటు పడ్డ క్రీము కాదు. కింద సెరమైడ్ల వరస మాత్రం ఎలా మారినా పట్టించుకోకండి.